మోకాలెత్తితే నొప్పి

మా అక్క కూతురు దయామణికి తొడ మొదట్లో నొప్పి వచ్చిన మర్నాడే అమావాస్య. నా బుర్ర పాడవడానికి ఆ ఒక్క సంగతి చాలు. బందరులో ఎవరికైనా అంతే. ఇక్కడ గజ్జల్లో నొప్పి అంటే జనం రెండో మాట అడగరు, బోదకాలేమోనని తలొంచి కాలు వంక చూస్తారు.

నా ఎడమ కాలు చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. నాకు పద్నాలుగో ఏట, ఇలాగే అమావాస్యకి ముందు, గజ్జల్లో బిళ్ళ కట్టింది. చలిజ్వరం వచ్చి మూడు రోజులకి పోయింది. పున్నమికి మళ్ళీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి కాలు వాచి, ఆ వాపు అక్కడే కాపరం పెట్టింది. అప్పుడు నేను థర్డ్ ఫారం. నూరు గజాల పరుగులో మా బళ్ళో నన్ను మించినవాడు లేడు. పరుగువల్లే ఈ జబ్బు వచ్చిందని మా నాన్న తేల్చేశాడు. పరుగు మానిపించాడు. కుంటికాలితో చదివి ఎవర్ని ఉద్ధరిస్తాడని బడి కూడా మానిపించాడు. ఏ డాక్టరుకీ చూపించలేదు. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఆయన పోయి కూడా పన్నెండేళ్ళయింది. నాకు మాత్రం ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు నేను కాలేజీ గ్రౌండులో పనిచేస్తున్నాను. గడ్డి కోయడం, రోలరు లాగించడం, పోటీలొస్తే సున్నంతో గీతలు గీయడం. పేరు దైవాధీనం అయినా అందరూ పిలిచేది గ్రౌండు దైవాధీనం అనే. నేను గీసిన గీతల మీద పరిగెత్తి కప్పులు పట్టుకెళ్ళిన కుర్రాళ్ళు ఇవాళ పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. బజార్లో ఎదురైతే ఒక్కడూ గుర్తుపట్టడు.

మా అక్క ఎలీసబెతు ఉండేది నాగాయలంక అవతల. అక్కడ హైస్కూలు లేదని మూడేళ్ళ కిందట దయామణిని మా ఇంట్లో వదిలింది. పిల్లలు లేని ఇల్లు మాది. వచ్చిన వారంలోనే ఒకరోజు పొయ్యి మీద పులుసు పెట్టి మా ఆవిడ పిల్లని ఉప్పు తెమ్మంది. కొట్టు దూరంగా కోనేరు సెంటరులో ఉంది. పులుసు పొంగు రాకముందే ఉప్పు వచ్చింది. మా ఆవిడ ఉప్పు పొట్లం చూసి మెచ్చుకుంది. నేను పిల్ల ఊపిరి గమనించాను. పెద్దగా ఆయాసం కూడా లేదు.

అప్పట్నుంచీ మా ఇంట్లో నేను మనిషినయ్యాననే చెప్పాలి. బళ్ళో డ్రిల్లు టీచరు లీలావతిగారు దయామణిని చేరదీసి పద్ధతిగా నేర్పించారు. ఈ ఏడు జనవరిలో గుడివాడలో జిల్లా పోటీలు. నూరు మీటర్లలో మొదటి ఇద్దర్లో వస్తే రాష్ట్రం పోటీలకి పంపుతారు. అక్కడిదాకా వెళ్ళిన పిల్లకి ఎస్సెల్సీ తర్వాత డ్రిల్లు టీచరు ట్రెయినింగులో సీటు ఖాయమని లీలావతిగారు అన్నారు. దయామణి ఆ మాట రాత్రీ పగలూ కలవరించేది. నేను పైకి కలవరించలేదు, అంతే తేడా.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. లీలావతిగారు నేర్పేది చాలదని నాకు అనిపించింది. చిన్నప్పుడు మంగినపూడి సముద్రం ఒడ్డున నల్ల బురదలో పరిగెత్తడం వల్లే నా కాళ్ళకి అంత వేగం వచ్చిందని నా నమ్మకం. అందుకని డిసెంబరు నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లని సైకిలు వెనక ఎక్కించుకుని మంగినపూడి తీసుకెళ్ళేవాణ్ణి. పోటు తీసిన చోట పిక్కలదాకా దిగే బురద. అందులో మోకాలు బొడ్డుదాకా లేవాలని చెప్పి, తాటిచెట్టు కింద కూర్చుని లెక్కపెట్టేవాణ్ణి. మొదటి వారం ఎనిమిది సార్లు అటూ ఇటూ. నాలుగో వారానికి ఇరవై చేయించాను. ఇంటికొచ్చేటప్పుడు సైకిలు మీదే కునికిపాట్లు పడేది. టీచరుగారికి చెప్పొద్దన్నాను. చెప్పలేదు.

ఆ నాలుగో ఆదివారం తర్వాత మంగళవారం. గ్రౌండులో లీలావతిగారు స్టార్టు ప్రాక్టీసు చేయిస్తున్నారు. నేను అవతల గడ్డి కోస్తున్నాను. మూడోసారి ఈల ఊదగానే దయామణి లేచి పది అడుగులు వేసి ఆగిపోయింది. కుడి తొడ మడత మీద చెయ్యి పెట్టుకుంది. కాలు పట్టేసిందని టీచరుగారితో చెప్పి ఇంటికొచ్చేసింది.

సాయంత్రం గడప దాటుతుంటే చూశాను. కుడి కాలు దానంతట అది లేవలేదు. పావడాతో సహా తొడని చేత్తో పట్టుకుని ఎత్తి గడప ఇవతల పెట్టింది. ఏమైందని అడిగితే ఏం లేదంది. గట్టిగా అడిగితే, నిలబడితే ఏమీ లేదు మావయ్యా, మోకాలెత్తితే ఇక్కడ పొడుస్తోంది అని వేలు పెట్టి చూపించింది. ఆ వేలు పెట్టిన చోటు నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. నాకు బిళ్ళ కట్టేది సరిగ్గా అక్కడే.

క్యాలెండరు వంక చూశాను. మర్నాడు అమావాస్య.

సముద్రపు గాలిలో పెరిగిన పిల్లని మా ఇంట్లో ఉంచుకుని ఈ మురుగ్గుంటల మధ్య, ఈ దోమల్లో పడేసింది నేనే కదా అనుకున్నాను. మా ఆవిడకి మాత్రమే చెప్పాను. బయటికి పొక్కితే రేపు పెళ్ళికి అడ్డం. మా ఆవిడ ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టింది, ఆముదం రాసి బాగా రుద్దింది. మర్నాటికి నొప్పి రెట్టింపయింది. అది చూసి నా అనుమానం కూడా రెట్టింపయింది.

ఫైలేరియా యూనిట్ ఇన్‌స్పెక్టరుని బతిమాలాను. బోదకాలు పురుగు రక్తంలో పైకొచ్చేది రాత్రిపూటే కాబట్టి ఆయన పది దాటాక వచ్చి పిల్ల వేలు పొడిచి అద్దం ముక్క మీద రెండు చుక్కలు పట్టుకెళ్ళాడు. రెండో రోజు కబురు చేశాడు, పురుగు కనబడలేదని. సంతోషించాల్సింది. కానీ నా రక్తంలోనూ ఎప్పుడూ కనబడలేదు. రక్తం శుభ్రంగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనడానికి లేదని ఇన్‌స్పెక్టరే ఒప్పుకున్నాడు. మాత్రలిచ్చాడు. వేసుకుంటే పిల్లకి కడుపులో తిప్పింది. అయినా వేయించాను.

శుక్రవారం మా అక్కకి ఉత్తరం రాశాను, పిల్లని తీసుకొచ్చి దింపుతానని. లీలావతిగారి దగ్గరికెళ్ళి, దయామణి ఇంక రాదు, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదు అని చెప్పాను.  అంతా కులాసా అని వాళ్ళమ్మ ఉత్తరం నిన్ననే వచ్చిందని, అది పిల్ల తనకి చదివి వినిపించిందన్నారు. నాకు అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు. జరిగింది చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. జబ్బు పేరు మీరే పెట్టేసి, మందు మీరే వేసేసి, పిల్లని మీరే పంపించేస్తే ఇంక ఆస్పత్రులు దేనికని అడిగి, మర్నాడు పొద్దున్నే మా ఇద్దర్నీ డాక్టరు సత్యవతమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళారు.

సత్యవతమ్మగారు తెర వెనక పిల్లని చూసి వచ్చారు. జ్వరం వచ్చిందా, చలి వచ్చిందా, తొడ మీద ఎర్రగా చార కట్టిందా అని అడిగారు. ఒక్కటీ లేదు. గజ్జల్లో రెండు పక్కలా తడిమితే బిళ్ళలేం తగల్లేదన్నారు. తర్వాత పిల్లని బల్ల అంచు మీద కూర్చోబెట్టి మా ఎదురుగానే, పావడా మీదనుంచే, మోకాలు కింద తన చెయ్యి పెట్టి మెల్లిగా పైకి ఎత్తారు.

"నొప్పా?"

"లేదండీ."

ఇప్పుడు మోకాలి పైన అరచెయ్యి ఆనించి, తన చేతిని తోస్తూ పిల్లనే ఎత్తమన్నారు. దయామణి సగం ఎత్తి పెదవి కొరుక్కుంది. చివరికి వెల్లకిలా బల్ల అంచుకి పడుకోబెట్టి, ఎడమ మోకాలు రొమ్ముకి హత్తుకోమని, కుడి కాలు అంచు నుంచి కిందికి వేలాడనిచ్చారు. తొడ ముందు పక్క లాగుతోందని పిల్ల అంది. చోటు అదే.

"ఏమయ్యా దైవాధీనం, చూశావుగా," అన్నారు సత్యవతమ్మగారు. "నేనెత్తితే నొప్పి లేదు. తనెత్తితే ఉంది. బిళ్ళ కట్టిందనుకో, నేను ముట్టుకోగానే చేతికి దొరికేది. ఇది కాలు పైకెత్తే కండ. వెన్ను దగ్గర్నుంచీ తుంటి ముందునుంచీ వచ్చి తొడని పట్టుకుని ఉంటుంది. అది కొంచెం చిట్లింది. తెగలేదు. ఈ మధ్య మోకాళ్ళెత్తే పని ఏదైనా ఎక్కువ చేసిందా?"

లీలావతిగారు స్టార్టులు తప్ప కొత్తగా ఏమీ లేదన్నారు. దయామణి నా వంక చూడకుండా గోడ మీద క్యాలెండరు చూస్తోంది. చెప్పొద్దన్నాను కాబట్టి ఇప్పుడూ చెప్పదు. ఆ సంగతి నాకు అర్థమయ్యాక నేనే నోరు విప్పాల్సి వచ్చింది.

"బురదలో పరిగెత్తించానండీ. మంగినపూడిలో."

"ఎన్నాళ్ళు?"

"నాలుగు ఆదివారాలు. ఆఖరి వారం ఇరవై సార్లు."

లీలావతిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. చాలాసేపు తుడిచారు. సత్యవతమ్మగారు మాత్రం, బురద పాదాన్ని ఒక పట్టాన వదలదు కాబట్టి ప్రతి అడుగుకీ ఆ కండే లాగాలని, ఆ అలసట తీరకముందే స్టార్టులో ఒక్క ఉదుటున లేచేసరికి అది ఓర్చుకోలేకపోయిందని విడమరిచి చెప్పారు. దాని మీద మేం కాపడం పెట్టి రుద్దడం ఇంకా బాగుందన్నారు.

"బోదకాలు కాదు కదండీ?" అన్నాను. అన్నీ విన్నాక కూడా.

"కాదు. ఈసారి దోమ తప్పేం లేదయ్యా."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండూ ఆపుకున్నాను. మాత్రలు ఆపెయ్యమన్నారు, రుద్దొద్దన్నారు. కుంటకుండా ఎంత దూరం నడవగలిగితే అంత దూరమే నడవమన్నారు. మూడు వారాలకి తక్కువ కాకుండా పరుగు మాట ఎత్తొద్దన్నారు. గుడివాడ పోటీలు పదమూడు రోజుల్లో ఉన్నాయి. అప్పటికి తగ్గదా అండీ అని దయామణి అడిగింది.

"నడవడానికి తగ్గుతుంది. పరిగెత్తడానికి తగ్గినట్టు అనిపిస్తుంది," అన్నారు ఆవిడ. "అప్పుడు పరిగెత్తావంటే మళ్ళీ చిట్లుతుంది. అప్పుడు మూడు వారాలు కాదు, నెలలు. రోజు విడిచి రోజు మీ మావయ్య మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపుతాడు, నువ్వెత్తు. నొప్పి వస్తే ఇంకా మానలేదన్నమాట."

ఆవిడ చెప్పినట్టే జరిగింది. వారానికి కుంటు పోయింది. పదో రోజుకి చేత్తో పట్టుకోకుండానే గడప దాటింది. రోజు విడిచి రోజు స్టూలు మీద కూర్చోబెట్టి నేను చెయ్యి ఆనించేవాణ్ణి. పన్నెండో రోజున దయామణి నా చేతిని తోసి మోకాలు పైకి లేపింది. మొహంలో ఏమీ కనబడలేదు. నొప్పి లేదంది. ఇంకోసారి గట్టిగా ఆపి చూడాల్సింది. చూడలేదు. గుడివాడ ఆ పిల్లకి ఎంత కావాలో నాకు అంతకంటే ఎక్కువ కావాలి.

నొప్పి పోయిందట అని లీలావతిగారితో చెప్పాను. ఆవిడకీ ఆశే. బడి తరఫున వేరే పిల్ల లేదు. డాక్టరుగారిని ఒకసారి అడుగుదామా అని ఆవిడే అన్నారు, ఆవిడే ఊరుకున్నారు. అడిగితే ఏం చెబుతారో ఇద్దరికీ తెలుసు. అక్కడికెళ్ళి చూసుకుందాం అనుకుని రైలెక్కాం.

గుడివాడలో గీతలు గియ్యడానికి నన్నే పిలిచారు. జిల్లాలో ఆ పని తిన్నగా చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. దుమ్ము లేవకుండా ముందు రోజు సాయంత్రం గ్రౌండంతా నీళ్ళు కొట్టించారు. తెల్లారి నేను తాడు పట్టి సున్నం గీతలు పూర్తి చేసేసరికి నేల నల్లగా, మెత్తగా, అచ్చు కాయితంలా ఉంది. ఇంకా ఎవరూ రాలేదు. దయామణి వచ్చి ఒళ్ళు వెచ్చబెట్టుకుని, ఒక స్టార్టు తీసుకుంటాను చూడు మావయ్యా అంది. సరేనన్నాను.

ముప్ఫై గజాలు పరిగెత్తింది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. వెనక్కి నడిచొస్తూ నవ్వుతోంది. నా కళ్ళు మాత్రం అలవాటు కొద్దీ నేల మీదకి పోయాయి. గీతలు చెరిగాయేమోనని చూడటం నా ఉద్యోగం. గీతలు బాగానే ఉన్నాయి. వాటి మధ్య దయామణి పాదాల అచ్చులు ఒకదాని తర్వాత ఒకటి వరసగా పడున్నాయి.

నా దగ్గరున్న తాడుతో కొలిచాను. కుడి పాదం అచ్చు నుంచి ముందున్న ఎడమ పాదం అచ్చుకి ఒక కొలత. ఎడమ నుంచి ముందున్న కుడికి కొలిస్తే జానెడు తక్కువ. తర్వాతి రెండూ అంతే. ఆ తర్వాతవీ అంతే. కుడి మోకాలు పూర్తిగా లేవడం లేదు. లేవకపోతే ఆ పాదం ముందుకి పోలేదు, దగ్గర్లోనే పడుతుంది. మొహాన్ని బిగబట్టుకోవడం ఆ పిల్లకి వచ్చు. అడుగుని బిగబట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

నేను వంగి కొలుస్తుంటే దయామణి నవ్వు ఆపేసింది.

"నొప్పి లేదు మావయ్యా."

"నిన్ను అడగలేదు నేను."

"కొంచెమే ఉంది. పరిగెడితే పోతుంది."

తాడు చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాను. టీచరుగారికి చెబుతాను, పేరు తీసేయిస్తాను అన్నాను. దయామణి దారికి అడ్డం వచ్చి నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"తాతయ్య నీకు చేసిందే నువ్వు నాకు చేస్తున్నావు."

 ముప్ఫై ఏళ్ళు మా నాన్నని తిట్టుకుంటూ బతికినవాణ్ణి. పేరు ఉంచేస్తే పోయేదేముంది, నాలుగు అడుగులు గట్టిగా వేస్తే మొదటి ఇద్దర్లో రావచ్చు అని లోపల ఒకడు చెబుతూనే ఉన్నాడు. వాడి గొంతు నాకు బాగా తెలుసు. తాటిచెట్టు కింద కూర్చుని ఇరవై దాకా లెక్కపెట్టింది వాడే.

"ఆయన ఇంక ఎప్పుడూ పరిగెత్తొద్దన్నాడు," అన్నాను. "నేను ఇవాళ వద్దంటున్నాను. ఆయన ఎందుకో కనుక్కోలేదు. నేను కొలిచి చెబుతున్నాను. కావాలంటే నువ్వూ కొలుచుకో."

తాడు చేతికిచ్చాను. దయామణి కొలవలేదు. అచ్చుల పక్కన నిలబడి చూసింది. తర్వాత వెళ్ళి గ్రౌండు చివర మెట్ల మీద అటు తిరిగి కూర్చుంది. మెట్లెక్కేటప్పుడు ముందు ఎడమ కాలు వేసింది.

లీలావతిగారు నా మాట విని, అచ్చులు చూసి, పెన్ను తీసి పేరు కొట్టేశారు. తప్పు ఇద్దరిదీనండీ దైవాధీనంగారూ అన్నారు. అప్పటిదాకా నన్ను గారూ అని ఎవరూ పిలవలేదు. ఆ పూట అదేమంత సంతోషంగా అనిపించలేదు. నూరు మీటర్లలో మొదటొచ్చిన అమ్మాయి టైము మైకులో చదివారు. నవంబరులో మా గ్రౌండు మీద దయామణి అంతకంటే తక్కువ టైములో పరిగెత్తింది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. 

తిరుగు రైల్లో దయామణి నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. అన్నం పెట్టమని అత్తని అడిగేది, నాతో పనిబడితే గోడకి చెప్పేది. మోకాలి పరీక్షకి మాత్రం స్టూలు మీద కూర్చునేది, కాలెత్తేది, నొప్పి ఉంటే ఉందని వేలు చూపించేది. అబద్ధం ఆడటం మానేసింది.  మా ఆవిడ మధ్యలో నలిగిపోయి, మీ ఇద్దర్నీ ఒక్క అచ్చులోనే పోశారని విసుక్కుంది.

ఫిబ్రవరి నెలాఖరుకి సత్యవతమ్మగారు మళ్ళీ చూశారు. ఈసారి రెండు చేతులతో ఆపినా దయామణి మోకాలు లేచింది, నొప్పి లేదు. కాలు వేలాడేసినా లాగలేదు. గుడివాడ సంగతి లీలావతిగారు దాచకుండా చెప్పేశారు. డాక్టరుగారు ఆవిణ్ణీ నన్నూ కలిపి చీవాట్లు పెట్టి, ఆఖర్న కొలిచి ఆపినందుకు మాత్రం తల ఊపారు. ఇంక పరిగెత్తొచ్చన్నారు. కానీ మెల్లిగా. రెండు వారాలు వేగం వద్దు, బురద ఈ జన్మకి వద్దు. ఎంత మెల్లిగా అని అడిగితే, పక్కనున్న మనిషితో ఆగకుండా మాట్లాడుతూ పరిగెత్తగలగాలి, మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు అన్నారు.

సోమవారం పొద్దున్న గ్రౌండులో దయామణి, నేను. లీలావతిగారికి క్లాసు ఉంది. రాష్ట్రం పోటీలు అయిపోయాయి. ఈ ఏడు సీటు మాట లేదు. ఎస్సెల్సీ తప్పితే తప్ప వచ్చే ఏడు బడి తరఫున పరిగెత్తడానికి లేదు. కాలేజీలో చేరితే అక్కడ పోటీలుంటాయని టీచరుగారు అన్నారు. కాలేజీ గ్రౌండు ఎలాగూ ఇదే, గీతలు గీసేదీ నేనే. దానికి ఫీజులు ఎక్కడ తేవాలో ఆలోచించాలి. అది తర్వాతి సంగతి.

దయామణి మెల్లిగా మొదలెట్టింది. నేను లోపలి వైపు గడ్డి మీద పక్కనే నడిచాను, నా నడకకి అది సరిపోయే వేగమే. పాతిక గజాలు నిశ్శబ్దంగా పోయాయి.

"మాట్లాడాలన్నారు డాక్టరమ్మగారు," అన్నాను.

ఇంకో పది గజాలు పోయాక మొదలైంది. గుడివాడలో మొదటొచ్చిన పిల్ల మోచేతులు ఎలా విసురుతుందో చెప్పింది. అంత వంకర మోచేతుల పిల్లకి కప్పు ఇప్పించిన ఘనత నాదేనంది. బురద అయిడియా ఏ తలకాయలోంచి వచ్చిందో ఆ తలకాయకి కాపడం పెట్టాలంది. నేను పెట్టిన మాత్రలు, అత్త రాసిన ఆముదం కంపు, తనకి తెలియకుండా అమ్మకి రాసిన ఉత్తరం, ఒక్కటీ వదల్లేదు. గొంతు ఎక్కడా తెగలేదు. ఊపిరి చక్కగా ఆడుతోంది.

సగం చుట్టు అయ్యేసరికి నా కాలు బరువెక్కింది. ఆగిపోయి, నువ్వు పోతూ ఉండమని చెయ్యి ఊపాను. దయామణి ఆగలేదు. అవతలి వైపు తిరిగి, తూర్పు మలుపు దాటి, రెండు పాదాలూ సమంగా వేసుకుంటూ నేను నిలబడ్డ చోటికి వచ్చింది. అమ్మకి రాసిన ఉత్తరం దగ్గర ఆపిన మాటని అక్కడినుంచే అందుకుని మళ్ళీ తిట్టుకుంటూ నన్ను దాటి వెళ్ళింది.